లేబుల్ ఫోటో పక్కకి తిరిగితే స్వెటర్ సాగిపోద్ది

"అక్కా, మా అత్తమ్మకి ఊలు స్వెటర్ పంపిస్తున్నా, ఆవిడకి ఇంగ్లీష్ రాదు. లేబుల్ ఫోటో పెట్టాను, నాకు తెలిసినంత రాశాను, గుర్తులూ కింద ఉన్న ముక్కలూ తెలుగులో ఎలా రాయాలి?"

చెల్లెమ్మా, ముందు నీ ఫోటోనే స్క్రీన్ మీద పెడుతున్నా. చదరం లోపల నిలువు గీత ఉన్న గుర్తుని విడిగా కట్ చేసి, తాడు మీద ఆరెయ్యాలి అని రాశావు. నిలువు గీతకి అర్థం అదే, కాని ఫోటోయే పక్కకి తిరిగి ఉంది. చదరాన్ని ఎటు తిప్పినా చదరమే కదా, అందుకే దాన్ని ఒక్కదాన్నే చూస్తే తెలీదు. అదే ఫోటోలో మొదటి గుర్తు, నీళ్ల తొట్టి, చూడు, దాని మూతి పైకి ఉండాల్సింది కుడివైపుకి ఉంది, లోపల 30 అంకె కూడా పడుకుని ఉంది. ఇప్పుడు తొట్టి మూతి పైకి వచ్చేలా ఫోటో తిప్పుతున్నా... చూశావా, చదరంలో గీత అడ్డంగా అయిపోయింది. అడ్డగీత అంటే పరిచి ఆరబెట్టాలి. తడి ఊలు చాలా బరువు ఉంటది, తాడు మీద వేస్తే ఆ బరువుకే భుజాలూ చేతులూ కిందకి సాగిపోయి మళ్ళీ వెనక్కి రావు. అందుకే గుర్తుల్ని ముక్కలుగా కట్ చెయ్యకుండా మొత్తం వరస కనపడేలా ఫోటో తియ్యండి, లేబుల్ ముడత లేకుండా వేలితో లాగి పట్టుకోండి, మడత నీడ పడితే తొట్టి కింద ఇంకో గీత ఉన్నట్టు కనిపిస్తది.

కింద ఇంగ్లీష్‌లో "డ్రై ఫ్లాట్" అని కూడా ఉంది, మాటా గుర్తూ కలిశాయి కాబట్టి మనం చదివింది సరైందే. ఎప్పుడన్నా రెండూ కలవకపోతే ముందు ఫోటో తిప్పి చూడండి, అయినా కలవకపోతే రెండిట్లో బట్ట పాడవకుండా ఉండేదే రాయండి.

ఇప్పుడు తొట్టి. 30, కింద రెండు గీతలు. చాలామంది దీన్ని "చన్నీళ్లలో ఉతకాలి" అని రాసేస్తారు, కాని ఆ 30 అనేది హద్దు, అంతకు మించి వేడి వద్దని. అత్తమ్మగారు ఈ స్వెటర్ ఎప్పుడు ఉతుకుతారు? శివరాత్రి దాటి చలి పోయాక, బీరువాలో పెట్టే ముందు. అప్పటికే మధ్యాహ్నం మేడ మీద నల్ల ట్యాంకు నీళ్లు గోరువెచ్చ దాటిపోతాయి, ఆవిడ లెక్కలో మాత్రం అవి కుళాయి నీళ్లు, అంటే చన్నీళ్లే. అందుకని "పొద్దున్నే పట్టిన చల్లటి నీళ్లు" అని రాయి. రెండు గీతలు అంటే చాలా నెమ్మదిగా ఉతకాలని, మెషిన్ అయితే ఊలు ప్రోగ్రాం పెట్టాలి.

మాటల్లో తప్పులు ఎక్కువ జరిగేది "వాష్ విత్ లైక్ కలర్స్" దగ్గర. అక్కడ లైక్ అంటే ఇష్టం కాదు, అలాంటివి అని, అంటే అదే రంగు బట్టలతో కలిపి. "రీషేప్ వైల్ డ్యాంప్" ని మాటకి మాట మార్చకు, "తడిగా ఉన్నప్పుడే చేత్తో సరిచేసి" అను చాలు. ఈ రెండు విషయాలూ గుర్తుల్లో ఎక్కడా లేవు, అందుకే మాటల్లో రాశారు, వీటిని మాత్రం వదలకూడదు. డ్రై ఫ్లాట్ ని గుర్తుతో కలిపి ఒకే వాక్యం చేసెయ్యి, రెండుసార్లు రాస్తే చదివేవాళ్ళు రెండు వేరే పనులు అనుకుంటారు.

ఇంక చివర్లో సున్నాలో పి అక్షరం. దాన్ని "డ్రైక్లీనింగ్ మాత్రమే" అని రాశావు, అది కాదు. ఇవ్వొచ్చు అని మాత్రమే, ఏ ద్రావకం వాడొచ్చో షాపువాళ్ళకి ఆ అక్షరం చెప్తుంది. తొట్టి మీద కొట్టివేత ఉంటే ఇంట్లో ఉతకకూడదని, ఇక్కడ తొట్టికి కొట్టివేత లేదు. కొట్టివేత ఉన్నది త్రికోణానికి, అంటే బ్లీచ్ వద్దని. ఇస్త్రీ పెట్టె గుర్తులో ఒక్క చుక్క అంటే అన్నిటికంటే తక్కువ వేడి, ఇంట్లో పెట్టె డయల్ మీద కూడా అవే చుక్కలుంటాయి. ఇస్త్రీ బండి మీద బొగ్గుల పెట్టెకి డయల్ ఉండదు కాబట్టి అక్కడికి ఇవ్వొద్దని విడిగా రాయాలి.

నేనైతే అత్తమ్మగారికి ఇలా రాసిపెడతా:

"అత్తమ్మా, పొద్దున్నే పట్టిన చల్లటి నీళ్లలో, అదే రంగు బట్టలతో, నెమ్మదిగా ఉతకండి. బ్లీచ్ వెయ్యొద్దు. తడిగా ఉన్నప్పుడే చేత్తో సరిచేసి, తువ్వాలు మీద పరిచి ఆరబెట్టండి, తాడు మీద వద్దు. ఇస్త్రీ చేస్తే ఒక చుక్క దగ్గర పెట్టి ఇంట్లోనే చెయ్యండి, బండికి ఇవ్వొద్దు. డ్రైక్లీనింగ్‌కి ఇచ్చినా పర్లేదు."

లేబుల్ వెనకవైపు కూడా ఒక ఫోటో తీసి పంపు చెల్లెమ్మా, ఊలు ఎంత శాతమో అక్కడ ఉండొచ్చు, చూసి ఏమన్నా మార్చాలంటే చెప్తా.