ఇంటర్వ్యూకి రాలేనని చెప్పాలంటే ముందు ఎవరికి చెప్పాలి

అందరికీ నమస్కారం. ఆదివారం పొద్దున మారతహళ్లిలో ఇంతమంది పిల్లలు పీజీల్లో నిద్ర మానుకుని వచ్చారంటే సంతోషంగా ఉంది. పిలిచిన అసోసియేషన్ పెద్దలకి, హాలు ఇచ్చినవాళ్ళకి, టిఫిన్లు చూసుకుంటున్న అక్కావాళ్ళకి అందరికీ థాంక్స్. నాకిచ్చిన టాపిక్ ఇంటర్వ్యూలో ఎలా మాట్లాడాలి అని, దాని మీద చెప్పేవాళ్ళు ఈ ఊర్లో గల్లీకి నలుగురున్నారు కాబట్టి నేను ఇంకోటి చెప్తా, పెద్దలు ఏమీ అనుకోవద్దు. ఇంటర్వ్యూ రేపు పొద్దున అనగా వెళ్ళలేని పరిస్థితి వస్తే ఏం చెయ్యాలి, మళ్ళీ ఇంకో డేట్ ఎలా అడగాలి, అదే నా టాపిక్.

2011లో నాకే జరిగింది. వైట్‌ఫీల్డ్‌లో ఒక కంపెనీ, శుక్రవారం 11 గంటలకి నేరుగా వెళ్ళాల్సిన రౌండు. గురువారం రాత్రి 9 దాటాక కుప్పం నుంచి చిన్నాన్న ఫోన్, "అమ్మకి బాగాలేదురా, ఆస్పత్రిలో చేర్చాం, నువ్వు బయల్దేరు" అని. రూమ్మేట్ లాప్‌టాప్ తీసుకుని, ఇంటర్వ్యూ లెటర్ ఏ మెయిల్ నుంచి వచ్చిందో దానికే రిప్లై కొట్టా, సారీ చెప్పా, కారణం చెప్పా, వచ్చే వారం ఏ రోజైనా వస్తానన్నా, చాలా మర్యాదగా రాశా. రాసి దొరికిన బండెక్కి వెళ్ళిపోయా. అమ్మ కోలుకుంది, అది వేరే సంగతి. నెల తర్వాత అదే కంపెనీకి మళ్ళీ అప్లై చేస్తే ఫోన్లో అమ్మాయి ఏమందో తెలుసా? "మీరు పోయినసారి చెప్పకుండా మానేశారు సార్, ఆరు నెలల దాకా మిమ్మల్ని తీసుకోలేం" అంది. చెప్పకుండానా? నేను చెప్పాను కదా! రూముకొచ్చి ఆ పాత మెయిల్ తీసి చూస్తే అడ్రస్ noreply అని మొదలవుతోంది. అది మెషీన్ పంపిన మెయిల్, దానికి వచ్చే రిప్లైలు ఎవరూ చదవరు. నేను పంపడం నిజం, వాళ్ళకి అందకపోవడమూ నిజమే. ఇన్నేళ్ళయినా ఆ మాట తల్చుకుంటే నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

ఆ తర్వాత నేనే రిక్రూట్‌మెంట్‌లోకి వచ్చా, అప్పుడు అవతలి వైపు ఏం జరుగుతుందో చూశా. మీరు 11కి లైన్లోకి రాలేదనుకోండి, ప్యానెల్లో ఇద్దరు ఇంజినీర్లు పని ఆపుకుని కూర్చుని ఉంటారు. 11:10కి వాళ్ళు కోఆర్డినేటర్‌కి మెసేజ్ పెడతారు, కాండిడేట్ రాలేదని. కోఆర్డినేటర్ మీకు ఒకసారి ఫోన్ చేస్తుంది, మీరు ఎత్తకపోతే ఇంకో ఐదు నిమిషాలు చూసి సిస్టమ్‌లో No Show అని పెట్టేస్తుంది. అదే మీరు 10:50కైనా ఆమెకి చెప్పి ఉంటే అక్కడ Reschedule అని పెడుతుంది. మీరు ఎంత మంచివాళ్ళయినా, కారణం ఎంత నిజమైనా ఆ ఒక్క ఎంట్రీనే మీ పేరు పక్కన మిగిలిపోతుంది, రేపు ఇంకో రిక్రూటర్ మీ ప్రొఫైల్ తెరిస్తే ముందు కనపడేది కూడా అదే. చాలా కంపెనీల్లో No Show పడితే కొన్ని నెలలు మళ్ళీ పిలవరు.

కాబట్టి తమ్ముళ్ళూ, అమ్మాయిలూ, టైం లోపల ఒక మనిషికి అందాలి, అంతే. కాలెండర్‌లో Decline నొక్కితే చాలనుకుంటారు చాలామంది. ఆ Decline ఆ ఇన్వైట్ ఎవరి పేరు మీద ఉందో వాళ్ళకే వెళ్తుంది, ఆ పేరు షెడ్యూలింగ్ సాఫ్ట్‌వేర్‌ది అయితే నా 2011 మెయిల్ గతే దానికీ పడుతుంది.

ఈ మధ్య నేను చూసిన ఒక అమ్మాయి సంగతి చెప్తా, అనంతపురం పిల్ల, బీటీఎంలో పీజీలో ఉంటుంది. మంగళవారం 11కి వీడియోలో సెకండ్ రౌండు. పొద్దున 7:30కి లేస్తే 102 జ్వరం. 8కి మా రిక్రూటర్‌కి ఫోన్ చేసింది, ఎత్తలేదు, ఆఫీసు తెరవకముందు ఎవరెత్తుతారు. ఊరుకోలేదు. అంతకుముందు రిక్రూటర్ తన పేరుతో రాసిన మెయిల్ ఒకటుంటే దానికి రిప్లై ఆల్ కొట్టింది, సబ్జెక్ట్‌లో తన పేరు, పోస్టు, ఏ రౌండు, మంగళవారం 11 గంటలు అన్నీ కనపడేలా పెట్టింది. 9:35కి మళ్ళీ ఫోన్ చేసింది, ఈసారి ఎత్తారు, ఒక్క నిమిషం కూడా మాట్లాడలేదు. "మేడమ్, జ్వరం 102 ఉంది, 11కి కూర్చోలేను, సారీ. ఈ ఉద్యోగం మీద నాకు ఇంట్రెస్ట్ ఉంది. గురువారం 3 తర్వాత గానీ, శుక్రవారం 5 లోపల ఎప్పుడైనా గానీ, సోమవారం పొద్దున గానీ వీలవుతుందా? మెయిల్‌లో కూడా రాశాను."

ఆ మూడు టైములు చూడండి. ఎప్పుడైనా ఓకే అని చెప్తే వినడానికి బాగుంటుంది గానీ కోఆర్డినేటర్‌కి అది పని పెంచుతుంది, ప్యానెల్ ఇద్దరికీ ఖాళీ వెతికి, మిమ్మల్ని అడిగి, మీరు కుదరదంటే మళ్ళీ మొదటికి రావాలి. ఒక్క టైమే చెప్తే వాళ్ళకి కుదరకపోతే అక్కడితో ఆగిపోద్ది. మూడు చెప్తే వాళ్ళ కాలెండర్‌తో ఒకటన్నా కలుస్తుంది. ఆ పిల్ల బుధవారం అనలేదు, అది కూడా గమనించండి, జ్వరం ఒక రోజులో పోదని తెలుసు. తొందరపడి రేపే వస్తానని రేపు కూడా మానేస్తే రెండోసారి అడగడానికి నోరు రాదు, వాళ్ళూ ఇవ్వరు. శుక్రవారం 4కి ఇచ్చారు, కొత్త ఇన్వైట్ రాగానే Accept కొట్టింది.

కారణం ఒక్క లైను చాలు, మెడికల్ రిపోర్టులు మామూలుగా ఎవరూ అడగరు. లేని తాతని చంపకండి దయచేసి, వచ్చేవారం అదే మనిషితో మాట్లాడాల్సి ఉంటుంది. వేరే కంపెనీలో ఆఖరి రౌండు అదే టైముకి పడిందనుకోండి, ఆ టైములో తప్పించుకోలేని పని పడిందని చెప్పండి, అది నిజమే కదా, వివరం అడిగితే ఇంకో ఇంటర్వ్యూ ఉందని చెప్పండి. ఆ మాటకి కోప్పడిన రిక్రూటర్ని నేను చాలా తక్కువ చూశా.

కన్సల్టెన్సీ ద్వారా వెళ్ళేవాళ్ళు చేతులెత్తండి. ఇంతమందా! మీరు కన్సల్టెన్సీ వాళ్ళకే చెప్పాలి, కానీ చెప్పి వదిలెయ్యకండి, కంపెనీకి పంపిన మెయిల్‌లో నన్ను కూడా కాపీలో పెట్టండి అన్నా అని అడగండి. మధ్యలో మనిషి మర్చిపోతే ఎంట్రీ పడేది మీ పేరు మీదే. ఒకే రోజు చాలామందిని కూర్చోబెట్టి ఇంటర్వ్యూ చేసే శనివారం డ్రైవులకి మాత్రం ఇదంతా పెద్దగా పనిచెయ్యదు, ప్యానెల్ మొత్తం ఆ ఒక్కరోజుకే వస్తారు. అక్కడ ఇంకో డేట్ అడక్కుండా, తర్వాతి డ్రైవుకి నా పేరు ఉంచుతారా అని అడగండి. అన్నీ సరిగ్గా చేసినా ఒక్కోసారి ఈలోపు పోస్టు నిండిపోద్ది, దానికి మనమేం చెయ్యలేం. మెయిల్‌కి ఒక పనిదినం దాకా జవాబు రాకపోతే ఒక్కసారి గుర్తు చెయ్యండి, రోజుకి నాలుగు మెసేజ్‌లు వద్దు.

టైం అయిపోయిందని పెద్దాయన సైగ చేస్తున్నారు, ఒక్క నిమిషం సార్. అందరూ ఫోన్లు తీయండి. వచ్చే వారం ఇంటర్వ్యూ ఉన్నవాళ్ళు ఆ ఇన్వైట్ తెరిచి, పంపింది మనిషా మెషీనా చూడండి. మెషీన్ అయితే ఈ రోజే పాత మెయిళ్ళు వెతికి, మీతో మాట్లాడిన రిక్రూటర్ నంబరు పేరుతో సహా సేవ్ చేసుకోండి. వెనక వరుసలో బుధవారం ఇంటర్వ్యూ ఉందన్న తమ్ముడు, ముందు నువ్వు చూడు నాన్నా, ఎవరి పేరుందో గట్టిగా చదువు.