వాన వెలిసినా నెట్ రాకపోతే...

యాంకర్: తర్వాతి కాలర్ లైన్లో ఉన్నారు. చెప్పండమ్మా.

కాలర్: నమస్కారమండీ. మా డాబా మీద వైర్‌లెస్ నెట్ డిష్ ఉంది, 5 గిగాహెర్ట్జ్‌ది. వాన పడితే నెట్ పోతోంది. వానకి సిగ్నల్ తగ్గడం మామూలే అంటున్నారు బిగించినవాళ్లు.

టెక్నీషియన్: వాన మొదలవగానే పోతుందా అమ్మా? వెలిశాక ఎంతసేపటికి వస్తుంది?

కాలర్: మొదట అరగంట బాగానే ఉంటుంది. పోయిందంటే మాత్రం రాత్రి వాన వెలిసినా మర్నాడు ఎండ ముదిరేదాకా రాదు.

టెక్నీషియన్: అయితే తప్పు వానది కాదు, ఎక్కడో తడి చేరింది. శాటిలైట్ టీవీ డిష్‌కి జోరువానలో బొమ్మ పోయినా, వాన తగ్గగానే వచ్చేస్తుంది. మీ 5 గిగాహెర్ట్జ్ సిగ్నల్‌ని నాలుగైదు కిలోమీటర్ల దూరంలో వాన పెద్దగా తగ్గించలేదు. నెట్ పోయినప్పుడు డిష్ సెట్టింగ్స్ పేజీ తెరిచి చూశారా?

కాలర్: చూశానండీ. Signal ఎప్పటిలాగే మైనస్ 58 ఉంది. LAN Speed మాత్రం 100 నుంచి 10కి పడిపోయింది.

టెక్నీషియన్: దొరికింది! గాలిలో లింకు బాగానే ఉంది, LAN Speed పడిందంటే డిష్ నుంచి కిందికి దిగే కేబుల్ దగ్గరే తేడా. ఆ కేబుల్‌లోనే కరెంటు కూడా వెళ్తుంది కదా, తడి తగిలితే పిన్నుల్ని చిలుము మామూలుకంటే చాలా త్వరగా తినేస్తుంది. వాన లేనప్పుడు, ముందు కింద అడాప్టర్ ప్లగ్ తీసేసి, డిష్ దగ్గర కనెక్టర్ ఊడదీయించండి. పిన్నుల మీద ఆకుపచ్చగా చిలుము కనిపిస్తుంది.

కాలర్: తుడిస్తే సరిపోతుందా?

టెక్నీషియన్: సరిపోదు. పిన్ను పైపూత పోయాక మళ్లీ చిలుము పడుతుంది. పైగా నీళ్లు కేబుల్ తొడుగు లోపలికి కూడా పాకుతాయి. రాగితీగ తళతళలాడే చోటు వచ్చేదాకా కోసి, కొత్త కనెక్టర్ వేయించండి. అడుగు కోసినా తీగ నల్లగానే ఉంటే కేబుల్ మొత్తం మార్చాల్సిందే. ఈసారి బయట వాడే రకమే తెప్పించండి. ఇంట్లో వాడే కేబుల్ తొడుగు ఎండకి పగుళ్లిస్తుంది, నీళ్లు దూరేది అక్కడే.

కాలర్: కనెక్టర్ చుట్టూ సిలికాన్ పూయమంటారా?

టెక్నీషియన్: వెనిగర్ వాసన వచ్చే రకం అసలు వద్దమ్మా, అందులోంచి వచ్చే ఆమ్లమే రాగిని తింటుంది. కనెక్టర్ బయట ఉంటే, సాగదీస్తే తనలో తానే అతుక్కుపోయే రబ్బరు టేపు దొరుకుతుంది, అది కింది నుంచి పైకి చుట్టించండి. అప్పుడు పై చుట్టు కింది చుట్టును కప్పి నీళ్లు జారిపోతాయి. డిష్ అడుగున చిన్న రంధ్రం ఉంటే దాన్ని మూయనివ్వకండి, లోపలి చెమ్మ బయటికి పోయే దారి అదే. కేబుల్ ఇంట్లోకి వచ్చే చోట, రంధ్రం కన్నా కిందికి ఒక వంపు వేలాడేలా వదిలితే నీళ్లు అక్కడే కారిపోతాయి.

కాలర్: ఇవన్నీ చేశాక కూడా LAN Speed పడిపోతే?

టెక్నీషియన్: అడాప్టర్ వైపు కనెక్టర్ కూడా విప్పి చూడండి. నీళ్లు కేబుల్ లోపలే జారి అక్కడిదాకా వచ్చి ఉండొచ్చు.