వడ్డీ ఓడిపోయినప్పుడే బంగారం

అందరికీ నమస్కారం. ధరలు పెరిగితే బంగారం కూడా పెరుగుతుందని చిన్నప్పటి నుంచీ వింటున్నాం. అందులో నిజం సగమే ఉంది. మిగతా సగం ఎక్కడుందో వెతకడానికి అమెరికా చరిత్రలోంచి మూడు సందర్భాలు తీసుకొచ్చాను. బంగారం ధరలన్నీ ఔన్సుకు డాలర్లలో చెబుతాను.

మొదట 2022. ఆ ఏడాది జూన్‌లో అమెరికాలో ద్రవ్యోల్బణం 9.1 శాతానికి చేరింది. నలభై ఏళ్లలో అంత ఎప్పుడూ లేదు. మనం విన్న మాటే నిజమైతే బంగారం ఆకాశంలో ఉండాలి. కానీ ఏడాది మొదట్లో 1,800 డాలర్ల పైచిలుకు ఉన్న ధర, మధ్యలో ఎక్కి, దిగి, ఏడాది చివర్లో మళ్లీ అక్కడికే వచ్చి ఆగింది. ఎందుకంటే అప్పుడు ఉద్యోగాలకు కొరత లేదు. నిరుద్యోగం నాలుగు శాతం లోపే ఉంది. అందుకే అమెరికా కేంద్ర బ్యాంకు ఫెడరల్ రిజర్వ్ పెద్దగా టెన్షన్ పడకుండా, మార్చిలో సున్నా దగ్గరున్న వడ్డీని డిసెంబరుకల్లా నాలుగు శాతం దాటించింది. మామూలు ద్రవ్యోల్బణం అంటే ఇదే. ధరలు మండుతున్నాయి, కానీ ఆర్థిక వ్యవస్థకు దెబ్బ తట్టుకునే ఒళ్లుంది.

బంగారం వడ్డీ పెట్టదు. పైగా దాచుకోవడానికి ఎదురు ఖర్చు. కాబట్టి బ్యాంకులో డబ్బు ఎంత సంపాదిస్తుందన్నదే దానికి అసలు పోటీ. వడ్డీలోంచి ద్రవ్యోల్బణం తీసేస్తే మిగిలేది నిజ వడ్డీ. అది పెరుగుతోందంటే బంగారానికి గడ్డుకాలం.

ఇప్పుడు స్టాగ్‌ఫ్లేషన్‌కి వద్దాం. అంటే ఎదుగుదల ఆగిపోయి, ధరలు మాత్రం దిగని పరిస్థితి. 1973 అక్టోబరులో అరబ్ దేశాలు చమురు ఆపేశాయి. కొద్ది నెలల్లో చమురు ధర దాదాపు నాలుగింతలైంది. నవంబరు నుంచి అమెరికా మాంద్యంలోకి జారింది. ఫెడ్ మొదట గట్టిగానే నిలబడింది. 1974 జులైలో వడ్డీ 13 శాతం దాకా వెళ్లింది, ఆ వేసవిలో బంగారం కూడా వెనకడుగు వేసింది. కానీ నిరుద్యోగం పెరుగుతుంటే ఎంతకాలమని బిగపట్టగలరు? వడ్డీ దించడం మొదలుపెట్టారు. డిసెంబరుకల్లా అది ఎనిమిదిన్నర శాతానికి వచ్చింది. ద్రవ్యోల్బణం మాత్రం 12 శాతం మీదే ఉంది.

ఆ రేట్లే ఏడాది పొడవునా ఉన్నాయనుకుని లెక్క వేద్దాం. 100 డాలర్లు దాచుకున్నవాడి చేతికి 108.50 వస్తుంది. కానీ నిరుడు వందకు వచ్చిన సరుకులకు ఇప్పుడు 112 పెట్టాలి. అంటే దాచుకున్నందుకే మూడున్నర డాలర్ల నష్టం. పోనీ షేర్లు కొందామంటే అవి రెండేళ్లలో దాదాపు సగానికి కూలిపోయి ఉన్నాయి. డబ్బుకు వెళ్లే చోటు లేదు. 1973 మొదట్లో 65 డాలర్ల దగ్గరున్న బంగారం 1974 చివరికి 195కి చేరింది. ఇక్కడ ఒక సంగతి మరవకూడదు. 1971 దాకా ప్రభుత్వం ఆ ధరను 35 డాలర్ల దగ్గర కట్టేసి ఉంచింది. అన్నేళ్లు అణిచిపెట్టిన ధర కూడా ఆ పరుగులో కలిసింది. కాబట్టి మళ్లీ స్టాగ్‌ఫ్లేషన్ వస్తే మళ్లీ మూడింతలవుతుందనే లెక్కను నేను నమ్మను.

అలాగని స్టాగ్‌ఫ్లేషన్ ఉంటే చాలా? నాకు అన్నిటికన్నా ఆసక్తిగా అనిపించేది 1981. ద్రవ్యోల్బణం పది శాతం దగ్గర ఉంది, ఆ ఏడాది మధ్యలో మాంద్యం మొదలైంది. పేరుకు అదీ స్టాగ్‌ఫ్లేషనే. కానీ ఫెడ్ అధ్యక్షుడు పాల్ వోల్కర్ వెనక్కి తగ్గలేదు. జూన్‌లో వడ్డీ 19 శాతం. పై లెక్కే వేస్తే దాచుకున్న 100 డాలర్లు 119 అవుతాయి, సరుకులకు 110 చాలు. తొమ్మిది డాలర్లు మిగులు! ఇక బంగారం ఎవరికి కావాలి? 1980 జనవరిలో 850 తాకిన ధర 1982 జూన్‌కల్లా 300 దగ్గరికి పడింది. దీనికి జనం చెల్లించిన మూల్యం తక్కువేం కాదు, నిరుద్యోగం పది శాతం దాటింది.

అంటే కేంద్ర బ్యాంకు చేతులు కట్టేసి ఉన్నాయా లేదా అన్నదే తేడా. మామూలు ద్రవ్యోల్బణంలో కట్టు ఉండదు. స్టాగ్‌ఫ్లేషన్‌లో సాధారణంగా ఉంటుంది. వోల్కర్ దాన్ని తెంచుకున్నాడు. మనం గమనించాల్సిన గుర్తు కూడా అదే. ద్రవ్యోల్బణం ఇంకా ఎక్కువగా ఉండగానే, నిరుద్యోగానికి భయపడి వడ్డీ తగ్గించడం మొదలైందా?

ఈ గుర్తు కూడా అన్నిసార్లూ పనిచేయదు. అమెరికా పౌరులు బంగారం దాచుకోకుండా నలభై ఏళ్లుగా ఉన్న నిషేధం 1974 డిసెంబరు 31న పోయింది. జనం ఎగబడి కొంటారని వ్యాపారులు ముందే ధర ఎక్కించి కూర్చున్నారు. జనం రాలేదు. ప్రభుత్వం తన నిల్వలోంచి వేలం వేసింది, తర్వాత అంతర్జాతీయ ద్రవ్యనిధి కూడా వేసింది. ద్రవ్యోల్బణమూ దిగుతూ వచ్చింది. 1975 అంతా నిజ వడ్డీ సున్నా కిందే ఉన్నా బంగారం పడుతూనే ఉంది. ఆ డిసెంబరులో 195కి కొన్నవాడి బంగారం 1976 ఆగస్టులో 105 కూడా పలకలేదు.