అసలు, వడ్డీ, మిగిలిన బాకీ: కిస్తీల పట్టికను సరిచూసుకోవడం ఎలా?

నిర్వాహకురాలు: శ్రోతలందరికీ నమస్కారం. అప్పు ఇచ్చేటప్పుడు బ్యాంకులు, ఫైనాన్స్ కంపెనీలు చేతికిచ్చే కిస్తీల పట్టికను మనంతట మనమే ఎలా సరిచూసుకోవచ్చో ఈ రోజు ఫోన్-ఇన్ కార్యక్రమంలో తెలుసుకుందాం. బ్యాంకు రుణాల విభాగంలో చాలా ఏళ్లు పనిచేసి పదవీ విరమణ చేసిన అధికారి మనతో స్టూడియోలో ఉన్నారు. మొదటి ఫోన్ సిరిసిల్ల నుంచి వచ్చింది. చెప్పండమ్మా.

శ్రోత: నమస్కారం మేడమ్, నమస్కారం సార్. నేను ఇంటి దగ్గరే మరో ముగ్గురు ఆడవాళ్లతో కలిసి బట్టలు కుడుతుంటాను. మిషన్లు కొనడానికి ఒక ఫైనాన్స్ కంపెనీలో 2,40,000 రూపాయల అప్పు తీసుకున్నాను. ఏడాదికి 12 శాతం వడ్డీ, 24 నెలల గడువు, నెలకు 11,298 రూపాయల కిస్తీ. సగం కిస్తీలు కడితే సగం అప్పు తీరాలి కదా సార్? పట్టికలో మాత్రం పన్నెండు కిస్తీల తర్వాత కూడా 1,27,000 పైచిలుకు బాకీ కనిపిస్తోంది. పట్టిక తప్పని నా అనుమానం.

సలహాదారు: అనుమానం వచ్చి పట్టిక తెరిచి చూశారు, అదే కావలసింది. అయితే అమ్మా, మీరు చూపిస్తున్న చోట తప్పు లేదు. కిస్తీ ప్రతి నెలా ఒకటే అయినా, అందులో వడ్డీ వాటా ఎంత, అసలు వాటా ఎంత అనేది నెలనెలా మారుతుంది. మొదట్లో బాకీ ఎక్కువ కాబట్టి వడ్డీ ఎక్కువ పోతుంది, అసలు తక్కువ తీరుతుంది. బాకీ తరిగేకొద్దీ వడ్డీ తగ్గి, ఆ మేరకు అసలు ఎక్కువగా తీరుతుంది. మీ అప్పు మీద రెండేళ్లకు మొత్తం వడ్డీ 31,000 పైచిలుకు అవుతుంది. అందులో 22,700 దాకా మొదటి పన్నెండు కిస్తీల్లోనే పోతుంది. అందువల్ల సగం గడువు దగ్గర సగం కంటే ఎక్కువ బాకీ మిగలడం సహజమే. పట్టిక మీ దగ్గరే ఉందా?

శ్రోత: చేతిలోనే ఉంది సార్. ఫోన్‌లో క్యాలిక్యులేటర్ కూడా తెరిచి పెట్టుకున్నాను.

సలహాదారు: అయితే మొదటి నుంచి చూద్దాం. ఏడాదికి 12 శాతం అంటే మన ఊళ్లలో చెప్పుకునే నూటికి రూపాయి వడ్డీ. నెలకు ఒక శాతం. మొదటి వరుసలో వడ్డీ, అసలు, మిగిలిన బాకీ చదవండి.

శ్రోత: వడ్డీ 2,400, అసలు 8,898, మిగిలిన బాకీ 2,31,102.

సలహాదారు: ఇక్కడ మూడు లెక్కలు చూడాలి. కిస్తీకి ముందున్న బాకీ 2,40,000 మీద నూటికి రూపాయి చొప్పున 2,400 వస్తుంది, వడ్డీ గడి సరిపోయింది. కిస్తీ 11,298లో ఆ 2,400 తీసేస్తే 8,898, అసలు గడి కూడా సరిపోయింది. ముందున్న బాకీలో ఆ 8,898 తీసేస్తే 2,31,102. రెండో వరుసను ఈ 2,31,102తోనే మొదలుపెట్టాలి. అక్కడ మీరే చేసి చెప్పండి.

శ్రోత: 2,31,102కు ఒక శాతం 2,311.02 వస్తోంది. పట్టికలో 2,311 అని ఉంది. 11,298లో అది తీసేస్తే 8,987, పట్టికలో అంతే ఉంది. మిగిలిన బాకీ 2,22,115. ఇదీ కలిసింది సార్.

సలహాదారు: ఆ రెండు పైసలు రూపాయికి సర్దుబాటు చేసినందువల్ల పోయాయి, దాని గురించి చింతించనక్కరలేదు. ఇలాంటి పైసలన్నీ పోగై చివరి కిస్తీలో తేలతాయి కాబట్టి, మీ పట్టికలో ఇరవై నాలుగో కిస్తీ 11,298 కాకుండా దాదాపు 11,288 ఉండవచ్చు. ఇరవై నాలుగు వరుసలూ లెక్కపెట్టే ఓపిక లేనివారు ఒక అడ్డదారి పట్టవచ్చు. కిస్తీ మారనంత కాలం, అసలు గడిలోని అంకె ప్రతి వరుసలోనూ నెల వడ్డీ శాతం మేరకే పెరగాలి. 8,898కి ఒక శాతం కలిపితే 8,987 వచ్చింది కదా, దానికి మళ్లీ ఒక శాతం కలిపితే మూడో వరుసలో 9,077 ఉండాలి. ఈ పెరుగుదల ఎక్కడైనా తడబడితే ఆ వరుసలో ఏదో జరిగిందన్నమాట. చివరగా అసలు గడులన్నీ కూడితే 2,40,000 రావాలి.

శ్రోత: మూడో వరుసలో 9,077 ఉంది సార్. అసలు గడులన్నీ కూడి చూశాను, 2,40,000 వచ్చింది.

నిర్వాహకురాలు: అయితే పట్టిక సరిగ్గా ఉన్నట్టేనా సార్?

సలహాదారు: కూడికలు, తీసివేతలు సరిగ్గా ఉన్నాయి. అంకెలన్నీ ఒకదానితో ఒకటి కలిసినా పట్టిక మొత్తంగా తప్పయ్యే సందర్భం ఒకటుంది. అది తేదీల దగ్గర బయటపడుతుంది. అమ్మా, మొదటి వరుసలో తేదీ ఏముంది? డబ్బు మీ ఖాతాలో ఏ రోజు పడింది, ఎంత పడింది?

శ్రోత: మొదటి వరుసలో 2025 జూన్ 5 అని ఉంది. డబ్బు కూడా జూన్ 5నే పడింది సార్. కానీ 2,28,702 మాత్రమే పడింది. మొదటి కిస్తీ ముందే పట్టుకుంటామని చెప్పి 11,298 మినహాయించారు.

సలహాదారు: తప్పు అక్కడే ఉందమ్మా. జూన్ 5న డబ్బిచ్చి, జూన్ 5నే కిస్తీ పట్టుకుని, ఆ కిస్తీలో 2,400 వడ్డీ అని రాశారు. వడ్డీ అంటే డబ్బు వాడుకున్న రోజులకు ఇచ్చే ప్రతిఫలం. ఒక్క రోజు కూడా గడవకుండా నెల వడ్డీ ఎలా వస్తుంది? పైగా 2,40,000 మీ చేతికి రానే లేదు. ఆ వరుసలో వడ్డీ సున్నా ఉండాలి, 11,298 మొత్తం అసలు కిందే జమ కావాలి, మిగిలిన బాకీ 2,28,702 కావాలి. జూలై 5 నాటి వడ్డీ దాని మీద 2,287, అసలు 9,011, మిగిలిన బాకీ 2,19,691. మీ పట్టికలో జూలై వరుసలో 2,22,115 ఉంది. తేడా ఎంత?

శ్రోత: 2,424 సార్.

సలహాదారు: జూన్‌లో 2,400గా మొదలైన తేడా జూలైకి 2,424 అయింది, ఆగస్టుకు 2,448 అవుతుంది. ఆ ఎక్కువ రాసిన బాకీ మీద కూడా నెలనెలా నూటికి రూపాయి పడుతూ చివరి కిస్తీ నాటికి తేడా 3,017 రూపాయలవుతుంది. అంటే మీ చివరి కిస్తీ 11,288 కాదు, దాదాపు 8,271 ఉండాలి. పట్టికను ఇలాగే వదిలేస్తే, కాగితం మీద 12 శాతం అని రాసినా మీరు నిజంగా కట్టేది ఏడాదికి సుమారు 13.1 శాతం. కష్టపడి కుట్టిన బట్టల కూలి డబ్బు అమ్మా ఇది, మూడు వేలే కదా అని వదలకండి.

నిర్వాహకురాలు: ఇలా ముందే కిస్తీ పట్టుకోవడం గురించి రిజర్వ్ బ్యాంకు ఏమైనా చెప్పిందా సార్?

సలహాదారు: సరిగ్గా దీని గురించే చెప్పింది. తనిఖీల్లో బయటపడిన అన్యాయమైన పద్ధతులను 2024 ఏప్రిల్ 29 నాటి సర్క్యులర్‌లో ప్రస్తావించింది. ఒకటి రెండు కిస్తీలు ముందే వసూలు చేసి, వడ్డీ మాత్రం మొత్తం అప్పు మీద లెక్కించడం అందులో ఒకటి. డబ్బు ఇచ్చిన రోజు నుంచి కాక అప్పు మంజూరైన రోజు నుంచి వడ్డీ వేయడం, నెల మధ్యలో ఇచ్చిన డబ్బుకు నెల మొత్తానికి వడ్డీ వేయడం కూడా అందులో ఉన్నాయి. ఎక్కువగా తీసుకున్న వడ్డీని తిరిగి ఇవ్వాలని ఆ సంస్థలకు సూచించినట్టు కూడా అందులో ఉంది.

శ్రోత: ప్రాసెసింగ్ ఫీజు కూడా మినహాయిస్తారంటారు కదా సార్. దాన్ని కూడా బాకీలోంచి తీసేయాలా?

సలహాదారు: మంచి ప్రశ్న. ఫీజు అసలు కింద జమ అయ్యే డబ్బు కాదు, అందువల్ల ఫీజు పట్టుకున్నా పట్టికలో మొదటి బాకీ పూర్తి అప్పుగానే ఉంటుంది. ఆ భారం, వడ్డీతో పాటు ఫీజులనూ కలిపి లెక్కించే వార్షిక శాతం రేటులో కనిపించాలి. 2024 అక్టోబర్ 1 నుంచి మంజూరైన రిటైల్ రుణాలకు, సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల టర్మ్ రుణాలకు ఇచ్చే ముఖ్యాంశాల పత్రంలో ఆ రేటు రాసి ఉండాలి. కిస్తీ సంగతి వేరు, అది కచ్చితంగా మీ అసలును తగ్గించాలి.

శ్రోత: మరి నేనిప్పుడు ఏం చేయాలి సార్?

సలహాదారు: ఆ కంపెనీ ఫిర్యాదుల అధికారికి ఈమెయిల్ పంపండి. 2025 జూన్ 5న ఖాతాలో 2,28,702 పడినట్టు చూపే స్టేట్‌మెంట్ పేజీ, పట్టిక మొదటి పేజీ జతచేయండి. జూన్ 5 వరుసలోని 2,400 వడ్డీ ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు వేశారో చెప్పమనండి, పట్టిక సవరించి ఇవ్వమనండి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చినది సంతృప్తికరంగా లేకపోయినా, cms.rbi.org.in లో రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చేయవచ్చు. ఈలోగా కిస్తీలు మాత్రం ఆపవద్దు, ఆపితే ఆలస్య రుసుములు పడి లెక్క మరింత చిక్కుపడుతుంది.

నిర్వాహకురాలు: ధన్యవాదాలమ్మా. తర్వాతి ఫోన్ తణుకు నుంచి.

రెండో శ్రోత: నమస్కారమండీ. బండి కోసం 60,000 అప్పు తీసుకున్నాను, 10 శాతం వడ్డీ, 24 నెలలు, కిస్తీ 3,000. ఆవిడకు చెప్పినట్టే నేనూ లెక్క చూస్తే రెండో వరుసలోనే కలవడం లేదండీ. వడ్డీ అన్ని వరుసల్లోనూ 500 అనే ఉంది.

సలహాదారు: వడ్డీ గడిలో ఒకే అంకె పై నుంచి కింది వరకు ఉందంటే, అది తరిగే బాకీ మీద వేసిన వడ్డీ కాదండీ, మొదటి రోజు అప్పు మీద గడువు మొత్తానికీ వేసిన ఫ్లాట్ వడ్డీ. 60,000కు రెండేళ్లకు 12,000 వడ్డీ కలిపి, వచ్చిన 72,000ను 24తో భాగించారు. చివరి వరుస చూడండి, కిస్తీకి ముందు బాకీ ఎంత ఉంది?

రెండో శ్రోత: 2,500 అండీ.

సలహాదారు: ఆ 2,500 మీద ఒక్క నెలకు 500 వడ్డీ వేస్తున్నారు. తరిగే బాకీ లెక్కకు మారిస్తే ఈ అప్పు మీద మీరు కడుతున్నది ఏడాదికి 18 శాతం పైమాటే. ఒప్పందంలో ఫ్లాట్ అని రాసి ఉంటే పట్టిక ఆ ఒప్పందం ప్రకారమే ఉన్నట్టు. ఒప్పందంలో తరిగే బాకీ మీద 10 శాతం అని ఉండి, పట్టికలో ఇలా ఉంటేనే అది తప్పు లెక్క. అప్పుడు కిస్తీ 3,000 కాదు, సుమారు 2,769 ఉండాలి. ముఖ్యాంశాల పత్రంలో వార్షిక శాతం రేటు దగ్గర ఏముందో ఒకసారి చదవండి.

రెండో శ్రోత: ఆ కాగితం ఇంట్లో ఉందండీ. వెళ్లి చూసి, 18 కంటే తక్కువ ఉంటే వాళ్లకు రాస్తాను.