వల, గుంజ, 95 శాతం
(స్టాటిస్టిక్స్ దినోత్సవం రోజున కావలిలో డిగ్రీ విద్యార్థులు, రొయ్యల రైతుల ముందు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. ముందు వరసలో అల్లూరు, బోగోలు వైపు నుంచి వచ్చిన రైతులు కూర్చున్నారు, వెనక మా పిల్లలు ఉన్నారు. ఇద్దరికీ తెలిసిన చోటు రొయ్యల గుంట. అందుకే ఈరోజు గుంట గట్టు దాటి బయటికి వెళ్ళను.

మా మేనమామకు వనామి గుంట ఉంది. పట్టుబడికి ముందు కౌంట్ ఎంత వచ్చిందో చూడాలన్నాడు. కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయో అదే కౌంట్. కౌంట్ పెరిగేకొద్దీ రొయ్య చిన్నది, ధర తక్కువ. విసురు వల ఒక్కసారి వేశాం. పడినవాటిలో 36 రొయ్యల్ని ఒక్కొక్కటిగా తూచాను. లెక్కకు వీలుగా అంకెల్ని గుండ్రంగా చెబుతాను. సగటు 16 గ్రాములు. ప్రామాణిక విచలనం, అంటే రొయ్యకూ రొయ్యకూ మధ్య ఉండే ఎచ్చుతగ్గుల కొలత, 3 గ్రాములు. ఆ 3ని 36 వర్గమూలమైన 6తో భాగిస్తే అర గ్రాము వస్తుంది. ఇది రొయ్యల మధ్య తేడా కాదు, మన సగటులో ఉండే ఊగిసలాట. దానికి సుమారు రెండు రెట్లు తీసుకుని సగటుకు అటూ ఇటూ పెడితే 15 నుంచి 17 గ్రాములు. ఇదే 95 శాతం కాన్ఫిడెన్స్ ఇంటర్వెల్. కౌంట్‌లోకి మారిస్తే 59 నుంచి 67.

ఈ అంకెలు చెప్పగానే మామ, "అంటే వందలో 95 రొయ్యలు 15, 17 మధ్యలోనే ఉన్నాయన్నమాట" అన్నాడు. కాదు. ఎక్కువగా జరిగే పొరపాటు ఇదే. రొయ్యల బరువులు మామూలుగా సగటు చుట్టూ గంట ఆకారంలో పరుచుకుంటాయనుకుంటే, ఆ రెండు గ్రాముల సందులో ఇమిడేది సుమారు నాలుగో వంతే. 95 శాతం రొయ్యల్ని చుట్టేయాలంటే 10 నుంచి 22 గ్రాముల దాకా పోవాలి. మన ఇంటర్వెల్ మాట్లాడేది ఒక్కో రొయ్య గురించి కాదు, గుంట మొత్తం సగటు గురించి. 360 రొయ్యలు తూచి ఉంటే ఇంటర్వెల్ ఇంకా సన్నబడేది. అంతమాత్రాన గుంటలో రొయ్యలన్నీ ఒకే సైజుకి రావు కదా.

సరే, గుంట సగటు గురించే అనుకుందాం. అది 15కీ 17కీ మధ్య ఉండే అవకాశం 95 శాతమా? చదువుకున్నవాళ్ళు కూడా ఇక్కడే కాలు జారతారు. దీన్ని నిదానంగా చూద్దాం.

గుంట అడుగున ఒక గుంజ పాతి ఉందనుకోండి. నీళ్ళు బురదగా ఉన్నాయి, గుంజ కనిపించదు. ఆ గుంజే గుంట అసలు సగటు. అది కదలదు. కదిలేది వల. ఒక్కోసారి ఒక్కోచోట పడుతుంది, ఒక్కోసారి వెడల్పుగా, ఒక్కోసారి ఇరుగ్గా విచ్చుకుంటుంది. మనం కట్టే ఇంటర్వెల్ ఆ వల లాంటిది. పడే రొయ్యలు మారితే సగటు మారుతుంది, విచలనం మారుతుంది, ఇంటర్వెల్ రెండు కొసలూ మారతాయి. 95 శాతం అన్నది వల విసిరే పద్ధతికి ఉన్న పేరు. ఈ పద్ధతిలో మళ్ళీ మళ్ళీ విసురుతూ పోతే నూటికి సుమారు 95 సార్లు గుంజ వల కిందికి వస్తుంది. వల నీళ్ళలో పడిపోయాక మాత్రం గుంజ దాని కింద ఉందో లేదో, రెండే మాటలు. ఈ ఆలోచనను 1937లో పూర్తి సిద్ధాంతంగా రాసిన పోలండ్ గణాంక శాస్త్రవేత్త యెర్జీ నేమన్ కూడా లెక్క కట్టేశాక ఆ ఒక్క ఇంటర్వెల్‌కి సంభావ్యత అంటగట్టవద్దన్నాడు.

ఈ హాల్లో 40 మందిని పిలిచి, అదే గుంటలో ఎవరికి వారు సరిగ్గా శాంపిల్ తీసి ఇంటర్వెల్ కట్టమంటే, సగటున ఇద్దరిది తప్పిపోతుంది. ఆ ఇద్దరి కాగితాలు మిగతావాళ్ళ కాగితాల్లాగే ఉంటాయి. నాదే తప్పిందని వాళ్ళకు తెలిసే దారి లేదు.

"మరి నాకు ఈ గుంట గురించే అవకాశం ఎంతో కావాలి" అని ఒక రైతు అడగొచ్చు. న్యాయమైన ప్రశ్న. దానికి వేరే లెక్క ఉంది. ఎన్ని రోజుల పంట, ఎంత మేత పడింది, పోయిన వారం కౌంట్ ఎంత, ఇలా ముందే తెలిసినదాన్ని కూడా లెక్కలోకి తెచ్చే బేయీజియన్ పద్ధతి అది. ముందు తెలిసిందేమీ పెట్టకుండా కట్టిన ఇంటర్వెల్ నుంచి ఆ జవాబు లాగకూడదు.

ఇంకో తప్పు అర్థం చిన్నగా చెప్పి దాటతాను. రేపు మళ్ళీ 36 రొయ్యలు తూస్తే సగటు 15, 17 మధ్య పడే అవకాశం 95 శాతం అనుకుంటారు. నేటి సగటు ఎంత ఊగుతుందో రేపటిదీ అంతే ఊగుతుంది. రెండు ఊగిసలాటలూ కలుస్తాయి కాబట్టి ఇలాంటి చోట అది దీర్ఘకాలంలో సుమారు 83 శాతమే.

ఇప్పుడు మామ గుంట సంగతి. పట్టుబడి రోజు కౌంట్ 71 వచ్చింది. అంటే సగటు 14 గ్రాములు చిల్లర. మన 59-67 దాటిపోయింది. మామ నన్ను చూసి, "ఏరా అబ్బయా, 95 శాతం గ్యారంటీ అంటివే" అన్నాడు. ఆ మాట ఇప్పటికీ నన్ను పొడుస్తుంది. ఎందుకంటే తప్పిపోయే ఆ 5 శాతంలో పడ్డామని చెప్పి తప్పించుకునే సందర్భం కాదది. తప్పు నా శాంపిల్‌లో ఉంది.

వల వేసింది ఒక్కసారి, అదీ మేత పడే గట్టు పక్కన. మేత దగ్గరికి బలమైన రొయ్య ముందు చేరుతుంది. వల కన్నుల్లోంచి చిన్నవి జారిపోతాయి. పైగా ఒకే వలలో పడ్డ 36 రొయ్యలు 36 వేరువేరు సాక్ష్యాలు కావు. ఒకే చోట తిరిగే రొయ్యలు బరువులో ఒకదానికొకటి దగ్గరగా ఉంటాయి. నేను వాటిని 36 అని లెక్కపెట్టి ఇంటర్వెల్‌ని లేనిపోని సన్నగా చేశాను. 95 శాతం మాట నిలబడేది శాంపిల్ పక్షపాతం లేకుండా, ఒకదానికొకటి సంబంధం లేకుండా వచ్చినప్పుడే. ఒకే గట్టున పదిసార్లు వల వేసి వెయ్యి రొయ్యలు తూచినా ఆ పక్షపాతం పోదు. తప్పు చోట ఇంకా సన్నటి ఇంటర్వెల్ వస్తుంది, అంతే.

తర్వాతి పంటకు ఇలా చేశాం. నాలుగు మూలలు, నడుమ, తూము దగ్గర, మొత్తం ఆరు చోట్ల వల. ఒక్కో వలకు ఒక్క సగటు: 17.4, 16.9, 15.0, 14.1, 16.2, 13.4 గ్రాములు. చూడండి, చోటు మారితే నాలుగు గ్రాముల తేడా! ఇప్పుడు నా దగ్గర ఉన్నవి ఆరు అంకెలే, రొయ్యలెన్నయినా సరే. సగటు 15.5, ఆరు అంకెల విచలనం సుమారు 1.6, దాన్ని ఆరు వర్గమూలంతో భాగిస్తే 0.65. అంకెలు ఇంత తక్కువ ఉన్నప్పుడు రెండు రెట్లు చాలవు, ఎన్ని రెట్లు కావాలో చెప్పే t పట్టికలో ఆరు అంకెలకు 2.57 ఉంటుంది. ఇంటర్వెల్ 13.8 నుంచి 17.2 గ్రాములు, కౌంట్‌లో 58 నుంచి 72.

మామ మొహం చిన్నబోయింది. ఇంత వెడల్పుతో బేరం ఎలా ఆడతాం అన్నాడు. సన్నం కావాలంటే చోట్లు పెంచాలి, రొయ్యలు కాదు. వెడల్పు సగం కావాలంటే సుమారు నాలుగు రెట్లు చోట్లు కావాలి. ఆరు అంకెల నుంచి మొదలుపెట్టాం కాబట్టి పట్టికలో గుణకం కూడా తగ్గి కొంచెం కలిసొస్తుంది, 20 చోట్లు వేస్తే సరిపోతుంది. ఆ సాయంత్రం పడవ దించి ఇంకో 14 చోట్ల వల వేశాం. వల కన్నుల్లోంచి జారిపోయే చిన్నరొయ్య సంగతి మాత్రం అలాగే మిగిలింది. దానికి సన్న కన్ను వల కావాలి, లెక్క కాదు.