ఎస్‌ఓపీ రివ్యూ: క్లాసు అనుభవం లీడర్‌షిప్ ప్రశ్నగా ఎక్కడ మారుతుంది?

అందరికీ నమస్కారం. ఈరోజు రివ్యూకి తీసుకున్నది ఎడ్యుకేషనల్ లీడర్‌షిప్‌లో మాస్టర్స్ కోసం రాసిన ఎస్‌ఓపీ, అంటే అడ్మిషన్ కోసం ఇచ్చే స్టేట్‌మెంట్ ఆఫ్ పర్పస్. ఇది ఈ వీడియో కోసం తయారుచేసిన నమూనా డ్రాఫ్టే, కానీ ఇందులో ఉన్న తప్పు టీచర్ల ఎస్‌ఓపీల్లో తరచూ కనిపించేదే. అంతా చదవను. క్లాసు అనుభవం నుంచి పరిశోధన ఆసక్తికి దాటే ఒక్క పేరా చూద్దాం.

స్క్రీన్ మీద ఉంది చూడండి. "ఆరేళ్లుగా ఏడో తరగతికి లెక్కలు చెబుతున్నాను. పిల్లలకు భిన్నాలు కష్టంగా ఉన్నాయని కాగితాలు మడిచి చూపించడం మొదలుపెట్టాను. మార్కులు బాగా పెరిగాయి. ఈ అనుభవం వల్ల విద్యా నాయకత్వంపై పరిశోధన చేయాలన్న ఆసక్తి కలిగింది."

చివరి వాక్యం దగ్గర ఆగండి. కాగితం మడతల నుంచి నాయకత్వానికి దారి ఎక్కడుంది? భిన్నాలు ఎలా చెప్పాలన్నది గణిత బోధన విభాగం చూసే ప్రశ్న. చదివే ప్రొఫెసర్‌కి వెంటనే వచ్చే సందేహం, "ఈ అభ్యర్థి మా విభాగానికే ఎందుకు రావాలి?" అని. లీడర్‌షిప్ విభాగం చూసేది క్లాసు గోడ అవతల జరిగేది: నిర్ణయాలు ఎవరు తీసుకుంటారు, టీచర్ల సమయం ఎలా పంచుతారు, ఒకరి క్లాసులో పనికొచ్చింది పక్క క్లాసుకి ఎలా చేరుతుంది, లేదా ఎందుకు చేరదు.

కాబట్టి ఈ డ్రాఫ్ట్ రాసినవారిని అడగాల్సింది ఒకటే: మీ పద్ధతి మిగతా సెక్షన్లకు వెళ్లిందా? ఈ నమూనాలో జవాబు ఇలా అనుకుందాం. మూడు సెక్షన్లు, ముగ్గురు టీచర్లు. బుధవారం ముగ్గురికీ ఒకే పీరియడ్ ఖాళీ. ఆ 40 నిమిషాల్లో కలిసి కూర్చుని పిల్లల నోట్‌బుక్కులు చూసి, మరుసటి వారం పాఠం అనుకునేవారు. రెండో టర్మ్‌లో టైమ్‌టేబుల్ మారింది, ఉమ్మడి ఖాళీ పోయింది, నెల తిరిగేసరికి ఎవరి పద్ధతి వారిదే అయింది. అసలు విషయం ఇదీ! రాసినవారు దీన్ని చిన్న చికాకు అనుకుని వదిలేశారు.

ఇప్పుడు మార్చిన పేరా వినండి. "ముగ్గురం వారానికి 40 నిమిషాలు కలిసి పనిచేసినంతకాలం పాఠాలు ఉమ్మడిగా తయారయ్యాయి. టైమ్‌టేబుల్ మారాక మాలో ఎవరికీ ఆసక్తి తగ్గలేదు, అయినా ఆ పని ఆగిపోయింది. టీచర్ల ఉమ్మడి సమయాన్ని ప్రధానోపాధ్యాయులు ఏయే ఒత్తిళ్ల మధ్య కాపాడతారు, ఎప్పుడు వదులుకుంటారు అన్నది అధ్యయనం చేయాలనుకుంటున్నాను."

ఇక్కడ సిద్ధాంతం సహజంగా అతుకుతుంది. విద్యా నాయకత్వ పరిశోధకుడు జేమ్స్ స్పిలేన్ డిస్ట్రిబ్యూటెడ్ లీడర్‌షిప్ గురించి చెప్పేది, నాయకత్వం ఒక మనిషిలో ఉండే గుణం కాదని, నాయకులు, వారితో పనిచేసేవారు, పరిస్థితి ఈ మూడూ కలిసినచోట పుడుతుందని. టైమ్‌టేబుల్ ఆ పరిస్థితిలో భాగమే. ఈ ముక్క ఒక్క వాక్యంలో రాస్తే చాలు. ట్రాన్స్‌ఫర్మేషనల్, ఇన్‌స్ట్రక్షనల్ అంటూ నాలుగు నాయకత్వ సిద్ధాంతాల పేర్లు వరుసగా పెడితే ఏదీ చదవలేదని తెలిసిపోతుంది.

మార్కుల వాక్యం తీసేశాను, గమనించారా? మార్కులు పెరగడానికి ప్రశ్నపత్రం తేలికవడం, ట్యూషన్, ఇంకెన్నో కారణాలు ఉండొచ్చు. పోల్చడానికి ఇంకో క్లాసు లేకుండా "దాంతో పెరిగాయి" అంటే, పరిశోధన నేర్చుకోవడానికి వస్తున్న మనిషి కారణాన్ని తేలిగ్గా తేల్చేశారన్నమాట. కళ్లారా చూసింది రాయండి, ఉదాహరణకి "2/3 కంటే 2/5 పెద్దదని రాసే పిల్లలు తగ్గారు" అని. అది నోట్‌బుక్‌లో కనిపించే విషయం.

పరిశోధన ప్రశ్నలో "ప్రభావం" అన్న మాట కూడా జాగ్రత్త. "విద్యార్థుల ఫలితాలపై నాయకత్వ ప్రభావం" అంటే పెద్ద సంఖ్యలో బడులు, కొలతలు, గణాంక విశ్లేషణ కావాలి. మాస్టర్స్ స్థాయిలో అది మోయడం కష్టం. "ఎలా కాపాడతారు" అని అడిగితే రెండు మూడు బడుల్లో ఇంటర్వ్యూలు, పాత టైమ్‌టేబుళ్లు, మీటింగ్ నోట్సుతో మొదలుపెట్టవచ్చు. ఆ ఆధారాల పేర్లు ఒక్క వాక్యంలో చెప్పండి. ఎస్‌ఓపీలో అంతకుమించి మెథడాలజీ అక్కర్లేదు.

ఇక ఈ పేరా రాసేటప్పుడు జారిపోయే చోటు ఒకటుంది: హెడ్‌మాస్టర్ మీద ఫిర్యాదులా వినిపించడం. "యాజమాన్యం మా మాట వినలేదు" అన్న వాక్యం ఉంటే కొట్టేయండి. ఆ పీరియడ్ ఎందుకు పోయిందో కనుక్కోండి. బహుశా ఒక టీచర్ దీర్ఘకాలిక సెలవులో వెళ్లి, ఆ క్లాసులు సర్దాల్సి వచ్చిందేమో. అది నిజమైతే ఆ కారణాన్నే రాయండి. అప్పుడు "ఏయే ఒత్తిళ్ల మధ్య" అన్న మాటకి మీ దగ్గర మొదటి ఉదాహరణ ఉన్నట్టే.