స్పానిష్‌లో 'ఆ' ఎక్కడ పెట్టాలో మన 'ని'ని అడగండి

"అన్నా, మనకి లో, తో, ని అన్నీ మాట వెనక వస్తాయి, స్పానిష్‌లో ముందు వస్తాయి. మాట్లాడేటప్పుడు అంతా తారుమారు అవుతోంది, ఏం చెయ్యాలి?" బెంగళూరు మారతహళ్ళి నుంచి ఒక తమ్ముడు అడిగాడు.

ముందు మధ్యలోంచి ఇంగ్లీషుని తీసెయ్ తమ్ముడూ, తెలుగు నుంచి నేరుగా వెళ్ళు. 'అన్నతో కలిసి మారతహళ్ళిలో ఇల్లు వెతుకుతున్నాను' అనాలనుకో. చివర ఉన్న క్రియని ముందుకి లాగు: బుస్కో. 'నేను' విడిగా అక్కర్లేదు, మనకి 'వెతుకుతున్నాను'లో చివరి 'ను' ఆ పని చేసినట్టే అక్కడ చివరి 'ఓ' చేస్తుంది. తర్వాత ఇల్లు, అంటే కాసా. ఇక 'లో'ని ఊరి వెనక నుంచి తీసి ముందు పెట్టు, ఎన్ మారతహళ్ళి. 'అన్నతో' కూడా అంతే, కోన్ మి ఎర్మానో. మొత్తం కలిపి చెప్పు: బుస్కో కాసా ఎన్ మారతహళ్ళి కోన్ మి ఎర్మానో.

ప్రశ్న వేసినా 'కోన్', దాని వెనక మాట విడిపోవు. మనం 'ఎవరితో' అని ఒకే మాటగా అంటాం, వాళ్ళు 'కోన్ కియెన్' అంటారు. ఇంగ్లీషులో లాగా 'కోన్'ని వాక్యం చివర వదిలేస్తే స్పానిష్‌లో అది తప్పు.

ఇప్పుడు అసలు చిక్కు. 'ఇంటి కోసం వెతుకుతున్నా' అనే అలవాటుతో చాలామంది 'బుస్కో పారా కాసా' అనేస్తారు. వద్దు, ఆ 'కోసం' బుస్కోలోనే ఉంది. మరి లతని వెతుకుతుంటే? బుస్కో ఆ లత. ఇంటికి లేని 'ఆ' లతకి ఎందుకొచ్చిందంటే, లత మనిషి కాబట్టి. మనం కూడా 'ఇల్లు వెతుకుతున్నా' అంటాం గానీ 'లత వెతుకుతున్నా' అంటే అర్థమే మారిపోతుంది, 'ని' పెట్టి తీరాలి. ఇంగ్లీషులో ఈ తేడా లేదు, అందుకే అటు నుంచి వచ్చేవాళ్ళు ఆ 'ఆ'ని మింగేస్తారు. మనకి ఆ చెవి పుట్టుకతోనే ఉంది, వాడుకుందాం.

అయితే రెండూ అన్నిచోట్లా కలవవు. 'ఆ ఇంటిని కొన్నాం' అని మనం వస్తువుకీ 'ని' పెడతాం, స్పానిష్‌లో అక్కడ 'ఆ' రాదు, కొంప్రామోస్ లా కాసా అంతే. ఇంకోటి, మన 'కి' కూడా వాళ్ళకి 'ఆ'నే, లతకి ఇచ్చినా లతని వెతికినా 'ఆ లత'. మూడోది కొంచెం సూక్ష్మం: ఫలానా డాక్టరుని వెతుకుతుంటే బుస్కో ఆ ఉన్ మేదికో, తెలుగొచ్చిన డాక్టరు ఎవరైనా చాలు అనుకుంటే 'ఆ' లేకుండా బుస్కో ఉన్ మేదికో. రెండో వాక్యంలో మనిషి ఉన్నా, ఆ మనిషి ఎవరో నీకు ఇంకా తెలియదు కాబట్టి 'ఆ' మామూలుగా రాదు.